సిరోంచ తునికాకు లెక్క: గ్రామసభ ఎవరిది?

కాళేశ్వరం దగ్గర వంతెన దాటితే గోదావరి అవతల సిరోంచ. మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. బస్సు బోర్డులన్నీ మరాఠీలోనే ఉన్నా టీ కొట్టు దగ్గర బేరం మాత్రం అచ్చంగా మన కరీంనగర్ యాసలో సాగుతుంది. ఎండలు మండుతున్న రోజుల్లో తునికాకు కల్లాలు చూద్దామని వెళ్లాను. అక్కడ గ్రామసభే ఆకు అమ్ముకుంటుందని విన్నాను మరి. మన వైపు యూనిట్లను అటవీ శాఖ వేలం వేస్తుంది, సేకరించేవాళ్లకు కూలీ, తర్వాత ఎప్పుడో నెట్ రెవెన్యూ, అంటే ఖర్చులు పోను మిగిలినదాంట్లో వాటా.

నన్ను ఊరికి తీసుకెళ్లినాయన ఆ గ్రామసభ కార్యదర్శి. ముప్పై ఏళ్లుంటాయి, డిగ్రీ మరాఠీ మీడియంలో చదివాడు. దారిలో అసలు సంగతి చెప్పాడు. గిరిజన ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టం, దానికి మహారాష్ట్ర 2014లో చేసిన నియమాలు, 2006 అటవీ హక్కుల చట్టం, ఈ మూడూ కలిసి తునికాకు, వెదురు లాంటి వాటి మీద హక్కు ఊరికి ఇచ్చాయి. ఇక్కడ ఊరంటే పంచాయతీ కాదు. ఒక పంచాయతీ కింద నాలుగైదు గూడేలుంటే ప్రతి గూడెం తన గ్రామసభ తాను పెట్టుకోవచ్చు. సర్పంచ్ ఉన్న పెద్ద ఊరికి ఇది మింగుడు పడదని వేరే చెప్పాలా? ఇదే జిల్లా ధనోరా తాలూకాలోని మెంఢా-లేఖా 2009లో 1,809 హెక్టార్ల మీద సామూహిక హక్కు తెచ్చుకుంది, 2011లో వెదురు రవాణా పర్మిట్లు తానే ఇచ్చుకుంది. అక్కడ అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం. కానీ ప్రతి ఊరూ మెంఢా కాదు.

కల్లంలో కూర్చుని లెక్క చూశాం. డెబ్బై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక బస్తా. తేలిగ్గా అర్థం కావాలని ఆయన ఉజ్జాయింపు అంకెలు వేసి చూపించాడు. కాంట్రాక్టర్ బస్తాకు పదివేలకు ఒప్పుకున్నాడనుకో, నాలుగు వేలు కోసినవాళ్ల కూలీ, ఆరు వేలు రాయల్టీ, అది గ్రామసభ ఖాతాకు. అరవై ఇళ్లు కలిసి మూడు వందల బస్తాలు కోస్తే రాయల్టీ పద్దెనిమిది లక్షలు. దీన్ని పంచడమెలా అన్నదే అసలు గొడవ. ఇంటికింత అని సమానంగా పంచితే తలా ముప్పైవేలు. బస్తా లెక్కన పంచితే రెండు బస్తాలు కోసిన ఒంటరి ఆడమనిషికి పన్నెండు వేలు, తొమ్మిది బస్తాలు కోసిన పెద్ద కుటుంబానికి యాభై నాలుగు వేలు. ఎంత కష్టపడితే అంత, న్యాయమే కదా అనిపిస్తుంది.

అనిపిస్తుంది గానీ, ఆకు కట్టడంలో మునిగి ఉన్న పెద్దమ్మ ఒకావిడ తల ఎత్తకుండానే, ‘బస్తాలు ఎవరి పేరు మీద ఎక్కినయో సూడు బిడ్డా’ అంది. కిరాణా కొట్టాయన ఇంట్లో ఎవరూ అడవికి పోరు. ఉప్పు, నూనె అప్పులకు పొద్దున్నే కట్టలు తీసుకుంటాడు, కల్లం రిజిస్టర్‌లో అవి ఆయన పేరునే పడతాయి. ఎనిమిది బస్తాలైతే రాయల్టీలో నలభై ఎనిమిది వేలు ఆయనకే. కూలీ సొమ్ము అప్పులో పోతుంది, రాయల్టీ పేరుతో సహా పోతుంది. ఈ మోసం కనిపెట్టడం కష్టమేం కాదు, రోజువారీ రిజిస్టర్ తిప్పితే చాలు. ఒకే ఇంటి పేరున మనుషులకు మించిన కట్టలు వరుసగా పడుతుంటే అనుమానించాలి. అయితే రిజిస్టర్ రాసే కల్లేదారు కాంట్రాక్టర్ మనిషి, రాసేది మరాఠీలో.

ఒప్పందం కూడా అంతే. గూడెంలో అందరూ తెలుగో గోండీయో మాట్లాడతారు, తీర్మానం, కాంట్రాక్టర్‌తో కరారు మరాఠీలో. చదివేది ఇద్దరు ముగ్గురు. మిగతావాళ్లది వేలిముద్ర. అటవీ హక్కుల నియమాల ప్రకారం సభకు సగం మంది రావాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లుండాలి. సభ హాజరు పుస్తకంలో ఆ సంఖ్య ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. కోతల రోజుల్లో తెల్లవారకముందే అడవికెళ్లిన ఆడవాళ్లు పదకొండు గంటల సభకు ఎలా వచ్చారో నాకైతే అర్థం కాలేదు.

‘అయితే అధికారం మళ్లీ పైకి ఇచ్చేద్దామా?’ అని అడిగితే కార్యదర్శి నవ్వాడు. ఒక్క పుస్తకం మా చేతిలో ఉందన్నాడు. రవాణా పర్మిట్ పుస్తకం, టీపీ అంటారు. అది లేకుండా లారీ కదలదు. కాబట్టి కరారులో వాయిదాలు రాసుకుని, డబ్బు ఖాతాలో పడ్డాకే టీపీ కోయాలి. ఆకు గోదాముకు చేరాక కాంట్రాక్టర్ ఫోను ఎత్తడు. వెనకటి ఒక సీజన్‌లో మాటను నమ్మి లారీలన్నీ వదిలేశారట, ఆఖరి వాయిదా ఇంకా రాలేదు. చిన్న గూడేలు విడివిడిగా టెండర్ పెడితే ఎవరూ రారని పక్క ఊళ్లతో కలిశారు, ధర పెరిగింది. దాంతో పాటు టీపీ పుస్తకం కూడా ఉమ్మడి కమిటీకి వెళ్లింది, అందులో ఒక్క ఆడమనిషి లేదు.

సాయంత్రం సభలో రెండు మాటలు తేల్చారు. కరారును సంతకాలకు ముందు తెలుగులో, గోండీలో చదివి వినిపించాలి, ఇది అందరికీ సమ్మతమే. రాయల్టీలో సగం ఇంటికింత, సగం బస్తాలకు పంచాలన్నది రెండోది. దానికి కొట్టాయన అడ్డుపడ్డాడు. రిజిస్టర్‌లో కోసినవాళ్ల పేరే రాయాలని పెద్దమ్మ పట్టుబట్టింది. ఆ అంశాన్ని వచ్చే సభకు వాయిదా వేశారు.