తప్పెటగుళ్ళ మావయ్య పరుగు: నా అనుభవం

మాది విజయనగరం దగ్గర పల్లెటూరు. మా మావయ్య చిన్నప్పటి నుంచీ తప్పెటగుళ్ళు ఆడతాడు. గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో ఎగిరి గంతేస్తుంటే ఊరంతా నిలబడి చూసేది. ఆయన్నే కథానాయకుడిగా పెట్టి ఒక చిన్న టూడీ గేమ్ చేయాలని నా కోరిక. బొమ్మలు గీయడం నాకు వచ్చు. నిలబడిన మనిషిని పరుగులోకి, పరుగు నుంచి మళ్ళీ నిలకడలోకి తేవడం దగ్గరే మూడు నెలలు పట్టింది.

మొదట స్ప్రైట్ షీట్, అంటే కదలికల బొమ్మలన్నీ గడులు గడులుగా పేర్చిన ఒకే చిత్రం, తయారుచేశాను. ఒక్కో గడి 64 పిక్సెళ్ళ చదరం. నిలబడి ఉండే ఐడిల్‌కి 6 ఫ్రేములు, పరుగుకి 8. గేములు తయారుచేసే గోడో ఇంజిన్‌లో పెట్టి అన్నిటికీ సెకనుకు 10 ఫ్రేముల వేగం ఇచ్చాను. ఐడిల్ ఆరు ఫ్రేముల్లో ఒక శ్వాస పూర్తవుతుంది, అంటే 0.6 సెకన్లకో శ్వాస. నిమిషానికి వంద! ఊరికే నిలబడ్డ మనిషి జ్వరంతో ఎగశ్వాస పెడుతున్నట్టు కనిపించాడు. ఇక్కడ కొత్త బొమ్మలేం అక్కర్లేదు, ఉన్నవాటి వ్యవధి మారిస్తే చాలు. ఊపిరి పూర్తిగా వదిలిన ఫ్రేమ్‌ని 0.8 సెకన్లు, నిండా పీల్చిన ఫ్రేమ్‌ని 0.6 సెకన్లు ఆపాను. ఛాతీ పైకి లేచే రెండు ఫ్రేములకు 0.2 చొప్పున, దిగే రెండింటికీ 0.4 చొప్పున ఇచ్చాను. మొత్తం 2.6 సెకన్లు. తప్పెట ఒక్క పిక్సెల్ పైకి లేచి, కాసేపు ఆగి, నెమ్మదిగా దిగుతుంటే మనిషికి ప్రాణం వచ్చింది.

ఆ తర్వాత ఐడిల్‌నీ పరుగునీ కలపబోయాను. ఎముకల పద్ధతిలో చేసే యానిమేషన్‌లో రెండు భంగిమల్ని కలపడం తేలిక. మోచేయి ఒకదానిలో 20 డిగ్రీలు, ఇంకోదానిలో 80 ఉంటే, మధ్యలో 50 అని లెక్క వేసుకోవచ్చు. స్ప్రైట్‌లో ఉన్నది గీసేసిన బొమ్మ. ఐడిల్ రెండో ఫ్రేమ్‌కీ పరుగు ఆరో ఫ్రేమ్‌కీ సగటు అంటూ ఏదీ ఉండదు. నేను మాత్రం రెండు స్ప్రైట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒకటి మసకబారుతుంటే ఇంకోటి తేలేలా చేశాను. ఆ కాసేపూ మనిషికి నాలుగు కాళ్ళు, రెండు తప్పెటలు. పైగా రెండూ సగం పారదర్శకంగా ఉన్న క్షణంలో, ఒకదాని మీద ఒకటి పడిన చోట కూడా కప్పుదల 75 శాతమే, కాబట్టి వెనకున్న తాటిచెట్టు మనిషి ఒంట్లోంచి కనిపించేది. స్ప్రైట్లకు ఈ దారి పనికిరాదు. మధ్య భంగిమ కావాలంటే చేత్తో గీసుకోవాల్సిందే.

అందుకని నిలకడ నుంచి పరుగుకి రెండు ఫ్రేములు గీశాను. మొదటిదాంట్లో ఒళ్ళు ముందుకు వాలి బరువు వెనక కాలి మీద పడుతుంది. రెండోదాంట్లో ఆ కాలు నేలను తంతుంది, తప్పెట ఒంటికన్నా కాస్త వెనకబడుతుంది. ఇది కుదిరింది. సంతోషంగా మావయ్యకు ఫోన్‌లో చూపించాను.

ఆయన కాసేపు చూసి, "ఏట్రా, ఈడు నీటి మీద పరుగెడతన్నాడా? కాలు నేల మీద ఆనట్లేదు" అన్నాడు.

స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే నిజమే. నేలకు ఆనిన పాదం ఒంటితో పోలిస్తే ఫ్రేమ్‌కి 12 పిక్సెళ్ళు వెనక్కి జరిగేలా గీశాను. మనిషి వేగం సెకనుకు 180 పిక్సెళ్ళు. అప్పటికి పరుగుని సెకనుకు 12 ఫ్రేములకు పెంచి ఉన్నాను, అంటే ఒక్కో ఫ్రేమ్‌లో ఒళ్ళు 15 పిక్సెళ్ళు ముందుకెళ్తోంది. పాదం 12 మాత్రమే వెనక్కి వస్తోంది. మిగిలిన 3 పిక్సెళ్ళూ పాదం నేల మీద జారుతోంది. 180ని 12తో భాగిస్తే 15, కాబట్టి సెకనుకు 15 ఫ్రేములైతే లెక్క సరిపోతుంది. కానీ అది పూర్తి వేగంలో ఉన్నప్పుడే. వేగం అందుకునేటప్పుడూ తగ్గేటప్పుడూ మళ్ళీ జారుడే. అందుకని పరుగు ఫ్రేముల్ని గడియారానికి కాకుండా నడిచిన దూరానికి కట్టేశాను:

```gdscript
move_and_slide()
dist += absf(velocity.x) * delta
if sprite.animation == "run":
    sprite.frame = int(dist / 12.0) % 8
```

ఇక ప్రతి 12 పిక్సెళ్ళకూ ఒక ఫ్రేమ్ మారుతుంది. మెల్లగా వెళ్తే కాళ్ళూ మెల్లగా, జోరుగా వెళ్తే జోరుగా. గోడకు గుద్దుకుంటే వేగం సున్నా అవుతుంది, కాళ్ళూ ఆగుతాయి. పరుగు ఫ్రేముల్ని ఇంజిన్ తనంతట తాను ఆడించకుండా ముందే ఆపి ఉంచాలి, లేకపోతే రెండు లెక్కలూ కలబడతాయి.

అసలు చిక్కు ఆగడంలో వచ్చింది. బటన్ వదలగానే ఐడిల్‌కి మారిస్తే కొన్నిసార్లు బాగుండేది, కొన్నిసార్లు మనిషి ఠక్కున కింద పడ్డట్టు ఉండేది. వారం రోజులు కారణం దొరకలేదు. దాంతో మావయ్యను ఇంటి ముందు పరుగెత్తి ఆగమని, ఫోన్‌లో స్లో మోషన్‌లో తీశాను. నేను చప్పట్లు కొట్టినప్పుడు ఆగాలి. నాలుగైదుసార్లు ఆలస్యంగా ఆగాడని నేనంటే, "గాల్లో ఉండగా ఎవడాగుతాడ్రా? కాలు పడ్డాకే కదా ఆగేది" అన్నాడు.

ఇంజిన్ ఫ్రేముల్ని సున్నా నుంచి లెక్కపెడుతుంది. నా పరుగులో 0, 4 ఫ్రేముల్లో పాదం నేలను తాకుతుంది. 2, 6 ఫ్రేముల్లో పాదం సరిగ్గా ఒంటి కింద ఉంటుంది. 3, 7 ఫ్రేముల్లో మనిషి గాల్లో, 4 పిక్సెళ్ళ ఎత్తున ఉంటాడు. ఆ రెండు ఫ్రేముల్లో బటన్ వదిలినప్పుడే ఠక్కున పడుతున్నాడు. కాబట్టి బటన్ వదిలాక కూడా పాదం నేలకు వచ్చేదాకా పరుగు సాగాలి. మొదట 0, 4 దగ్గరే ఆపాలనుకున్నాను. నా మనిషి వేగం సెకనుకు 600 చొప్పున తగ్గుతుంది, 180 నుంచి సున్నాకి రావడానికి 27 పిక్సెళ్ళు పడుతుంది. 1వ ఫ్రేమ్ మొదట్లో బటన్ వదిలితే 4 రావడానికి 36 పిక్సెళ్ళు కావాలి. అంటే అక్కడికి చేరకుండానే, 3వ ఫ్రేమ్‌లో గాల్లో వేలాడుతూ ఆగిపోతాడు. 2, 6 కూడా కలుపుకుంటే ఎక్కడ వదిలినా 12 పిక్సెళ్ళలోపే ఆగే చోటు వస్తుంది.

```gdscript
if stopping and sprite.animation == "run" and sprite.frame in [0, 2, 4, 6]:
    sprite.play("stop_%d" % sprite.frame)
```

ఈ నాలుగింటికీ వేర్వేరుగా ఆగే బొమ్మలు గీశాను. కాలు ముందుకు చాచి ఉన్నప్పుడు ఒళ్ళు వెనక్కి వాలి బ్రేక్ వేయాలి కాబట్టి 0కీ 4కీ మూడేసి. 2కీ 6కీ రెండేసి చాలు. మొత్తం పది కొత్త ఫ్రేములు. షీట్ 512 × 256 అయింది. తప్పెట మాత్రం ఒళ్ళు ఆగాక కూడా ఒక ఫ్రేమ్ ముందుకు ఊగుతుంది. ఆ ఒక్క ఊపుకే బరువు తెలుస్తుంది.

బటన్‌ని చిటికెలో నొక్కి వదిలితే ఇవేవీ ఆడవు. అప్పుడు బయలుదేరే రెండు ఫ్రేముల్నే వెనక నుంచి ఆడిస్తున్నాను, మనిషి ముందుకు వాలి మళ్ళీ నిలబడతాడు.

ఆగాక ఐడిల్‌ని మొదటి ఫ్రేమ్ నుంచి మొదలుపెడితే ఇంకో తేడా వచ్చింది. అది 0.8 సెకన్లు కదలని ఫ్రేమ్, పరుగెత్తి వచ్చినవాడు ఫోటోలా బిగుసుకుపోయాడు. అందుకని ఐడిల్‌ని ఊపిరి వదిలే ఫ్రేమ్ నుంచి మొదలుపెట్టాను: `set_frame_and_progress(4, 0.0)`. మొన్న ఆదివారం మళ్ళీ చూపిస్తే మావయ్య నాలుగైదుసార్లు తానే పరుగెత్తించి ఆపాడు. తర్వాత ఫోన్ నాకిచ్చి, "గజ్జెలు ఏయలేదేట్రా?" అని అడిగాడు. ఇప్పుడు 0, 4 ఫ్రేములకు గజ్జెల చప్పుడు కట్టే పనిలో ఉన్నాను.