డేట్ తర్వాతి వారం చెప్పిన సంగతి

"అందరికీ ఉండేదేనమ్మా, నీకొక్కదానికేనా?" అన్నారు నేను మొదట చూపించుకున్న గైనకాలజిస్టు. ఆవిడ చేతిలో నా హార్మోన్ల రిపోర్టులున్నాయి. అన్నీ నార్మల్. థైరాయిడ్ కూడా నార్మల్. రక్తం కాస్త తక్కువుందని ఐరన్ మాత్రలు రాసి, తర్వాతి పేషెంటును పిలిచారు. నాకున్నది పీఎండీడీ, అంటే డేట్‌కి, నెలసరికి, ముందు వారంలో మనసును తలకిందులు చేసే జబ్బు. ఇందులో హార్మోన్లు నార్మల్‌గానే ఉంటాయి, ఏ రక్తపరీక్షతోనూ ఇది తేలదు. ఆ సంగతి నాకు తెలియకపోవడంలో వింత లేదు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి తెలియకపోతే ఎలా? ఆ కోపం నాకింకా పోలేదు.

బాబు పుట్టాక ఏడాదికి మొదలైంది. డేట్‌కి వారం ముందు నుంచి నేను వేరే మనిషినైపోయేదాన్ని. రొమ్ముల సలపరం, పొట్ట ఉబ్బరం, తీపి కోసం వెతుక్కోవడం పెళ్లికి ముందూ ఉండేవి, వాటితో ఇబ్బందేమీ లేదు. ఇది అది కాదు. పొద్దున లేవగానే బతుకంతా వ్యర్థమనిపించేది. అత్తగారు మామూలుగా "ఏమ్మా, కూరలో ఉప్పు వేశావా?" అన్నా ఒళ్లు మండిపోయేది. క్లాసులో పాఠం మధ్యలో ఏం చెబుతున్నానో మర్చిపోయి, బోర్డు వైపు తిరిగి కళ్లు తుడుచుకునేదాన్ని. డేట్ వచ్చిన మర్నాటికో ఆ తర్వాతి రోజుకో అంతా తేటపడేది. అప్పుడిక డాక్టర్ దగ్గరికి వెళ్లాలనిపించదు. మళ్లీ మూడు వారాలకు అదే కథ.

ఆ రాత్రి సంగతి రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది. పాల ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టలేదని మా ఆయనతో గొడవ. నిజంగా పాల ప్యాకెట్ గురించే. అందరూ పడుకున్నాక వంటింట్లో నేలమీద కూర్చుని రాజమండ్రిలో ఉన్న చెల్లికి ఫోన్ చేశాను. ఏడవలేదు. గొంతు మామూలుగానే ఉందని తనే తర్వాత చెప్పింది. బాబు టీకాల కార్డు బీరువా పై అరలో ఉందని చెప్పాను. ఇన్సూరెన్స్ బాండు ఏ కవర్లో ఉందో చెప్పాను. గాజులు బ్యాంకులో పెట్టిన కాగితం ఎక్కడుందో చెప్పాను. వాడికి వంకాయ పడదు, ఒళ్లంతా దద్దుర్లొస్తాయి, మీ బావకి ఆ సంగతి గుర్తుండదు అన్నాను.

"అక్కా, ఇవన్నీ ఇప్పుడు నాకెందుకు చెప్తున్నావే?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నేను లేకపోతే వీళ్లు హాయిగా ఉంటారని ఆ వారమంతా లోపల నడుస్తున్న మాట అప్పటికి నాకు వాదనలా కూడా అనిపించడం లేదు. ఉన్న విషయమే అన్నట్టుంది. చెల్లి "ఫోన్ పెట్టావంటే ఊరుకోను" అంటూ నాతో మాట్లాడుతూనే, వాళ్లాయన ఫోన్ నుంచి మా ఆయన్ని లేపింది. తెల్లారేసరికి మొదటి బస్సెక్కి విజయవాడ వచ్చేసింది. దాని రుణం నేను తీర్చుకోలేను. ఎల్లుండికి నాకు డేట్ వచ్చింది. ఆ మర్నాడు సాయంత్రం పెసరట్టు తింటూ బాబు చేతిరాత బాలేదని కేకలేస్తున్నాను. చెల్లి నన్నే చూస్తూ కూర్చుంది. "బాగైపోయావని ఊరుకుంటాననుకున్నావా? రేపు సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తున్నాం" అంది.

ఆ డాక్టరమ్మ చాలాసేపు విన్నారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగారు. అంత సూటిగా అడిగిన మొదటి మనిషి ఆవిడే, అలా అడిగినందుకు నాకు భయం తగ్గింది. వచ్చే నెల ఆ వారంలో నేను ఇంట్లో ఒంటరిగా ఉండకూడదు, ఇంట్లో ఉన్న మందులన్నీ మా ఆయన దగ్గర ఉండాలి, ఆ ఆలోచన తలెత్తితే, నేను రోజూ లక్షణాలు రాయాల్సిన చార్ట్ పూర్తవ్వాలని చూడకుండా వెంటనే ఫోన్ చేయాలి అని ముందే ఒప్పందం చేసుకున్నారు. అర్ధరాత్రయినా సరే 14416కి చేయొచ్చు, అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు అని రాసిచ్చారు. ఆ తర్వాతే చార్ట్ సంగతి ఎత్తారు.

ఆవిడ చెప్పిన లెక్క ఇది. డేట్‌కి ముందు కాస్త చిరాకు, ఒళ్లు బరువు చాలామంది ఆడవాళ్లకు ఉంటాయి. అవి నెలనెలా వచ్చి ఇబ్బంది పెడితే పీఎంఎస్ అంటారు. పీఎండీడీ అంటే వేరు. 2013లో అమెరికా సైకియాట్రిస్టులు మానసిక జబ్బులను గుర్తించడానికి వాడే డీఎస్ఎం పుస్తకం దాన్ని డిప్రెషన్ జబ్బుల వరసలో చేర్చింది. లక్షణాలు కనీసం ఐదు ఉండాలి. వాటిలో ఒకటైనా మనసుకు సంబంధించినది, అంటే కోపం, దిగులు, ఆందోళన, క్షణానికోలా మారే మూడ్, వీటిలో ఏదో ఒకటి కావాలి. దానివల్ల ఉద్యోగమో, ఇల్లో, మనుషులతో సంబంధాలో దెబ్బతినాలి. అన్నిటికన్నా ముఖ్యం, డేట్ వచ్చిన కొద్ది రోజుల్లో తగ్గడం మొదలై, ఆ తర్వాతి వారం దాదాపు ఏమీ లేకుండా పోవాలి. ఇదంతా జ్ఞాపకం మీద చెబితే సరిపోదు. ఏ రోజుది ఆ రోజు రాసిన కాగితం రెండు నెలసరులకు కావాలి.

"నాకు తెలుసు కదండీ, ప్రతి నెలా డేట్ ముందే వస్తుంది" అన్నాను. "చాలామంది అలాగే అంటారమ్మా. రాయించి చూస్తే కొందరికి నెలంతా ఉంటుంది" అన్నారు.

డీఆర్‌ఎస్‌పీ అనే ఇంగ్లీషు ఫారం జిరాక్స్ ఇచ్చారు. దాన్ని నేను బాబు లాంగ్ నోట్‌బుక్‌లో తెలుగులో గీసుకున్నాను. పైన తేదీలు, ఎడమవైపు వరసగా దిగులు, ఆశ లేకపోవడం, ఆందోళన, ఉన్నట్టుండి ఏడుపు, కోపం, ఆసక్తి లేకపోవడం, మతిమరుపు, నీరసం, తిండి యావ, నిద్ర, ఒంటి బాధలు. అడుగున మూడు గళ్లు: పని దెబ్బతిందా, నలుగురిలోకి వెళ్లడం మానేశానా, ఇంట్లో గొడవలయ్యాయా. ఒక్కోదానికి 1 నుంచి 6 వరకు మార్కు. అసలు లేకపోతే 1, ఒక మోస్తరుగా ఉంటే 4, భరించలేనంత అయితే 6. రాత్రి పడుకునే ముందు రాయాలి. నిన్నటి గళ్లు చూసి రాయకూడదు. ఒకరోజు మర్చిపోతే ఖాళీగా వదిలేయాలి కానీ తర్వాత గుర్తు చేసుకుని నింపకూడదు. నేను నిన్నటి వరస మీద పోస్టుకార్డు అడ్డం పెట్టుకునేదాన్ని. బ్లీడింగ్ సరిగ్గా మొదలైన రోజు ఒకటో రోజు, దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా.

మొదటి నెల చార్ట్ చూసి నేనే గందరగోళపడ్డాను. డేట్ ముందు వారం కోపం 5, దిగులు 5, ఒకరోజు 6. అది అనుకున్నదే. కానీ డేట్ తర్వాత తొమ్మిదో రోజున ఆందోళన 5 ఉంది, నిద్ర 5 ఉంది. ఆ వారం ఖాళీగా ఉండాలి కదా! అదృష్టం కొద్దీ అడుగున ఒక గడి ఎక్కువ పెట్టుకుని ఆ రోజు ఏం జరిగిందో రాసేదాన్ని. "బాబుకి 103 జ్వరం, డెంగీ టెస్ట్ ఇచ్చాం" అని ఉంది అక్కడ. టెస్ట్ నెగెటివ్ వచ్చిన రోజు నుంచి మళ్లీ 1, 2. రెండో నెలసరి ఎందుకు కావాలో డాక్టరమ్మ ఆ గడి చూపించే చెప్పారు. ఒక్క నెలలో బతుకు అడ్డం వస్తుంది, రెండు నెలల్లోనూ ఒకే చోట పెరిగి ఒకే చోట తగ్గితే అది నెలసరి పనే.

రెండో నెల జ్వరాలు లేవు, పండగలు లేవు. నాలుగో రోజు నుంచి పదో రోజు దాకా వరసంతా ఒకట్లు, అక్కడక్కడా రెండు. డేట్ ముందు వారం మళ్లీ అవే ఐదులు. డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఐదుల మీద కాకుండా ఒకట్ల మీద వేలు పెట్టారు. "ఇదమ్మా నాకు కావాల్సింది" అన్నారు.

ఆ మాట ఎంత పెద్దదో మా వదిన చార్ట్ చూశాక తెలిసింది. నాది చూసి తనూ రాసింది. డేట్ ముందు తనకీ ఐదులే. కానీ తర్వాతి వారంలో మూడూ నాలుగూ ఉన్నాయి, దిగులు ఏ రోజూ ఒకటికి దిగలేదు. తనది నెలంతా ఉండే డిప్రెషన్, డేట్ ముందు ఎక్కువవుతుంది, అంతే. దానికి రోజూ వాడే మందు వేరేగా పెట్టారు. మా కాలేజీలో ఇంకో మేడమ్ రాస్తే ఉబ్బరం, తలనొప్పి 4, చిరాకు 3, అడుగున మూడు గళ్లూ ఒకట్లే. ఆవిడది పీఎంఎస్. ముగ్గురం విడివిడిగా చెబితే మాత్రం ముగ్గురివీ అచ్చం ఒకే మాటలు.

చార్ట్ వల్ల ఇంట్లో ఒక కొత్త తలనొప్పి వచ్చింది. మా ఆయన తేదీలు నేర్చుకున్నారు. "ఇవాళ ఇరవైనాలుగో రోజు కదా, అందుకే అంటున్నావ్" అని మొదలుపెట్టారు. ఎంగిలి గిన్నెలన్నీ నేనే ఎందుకు తోమాలి అన్నది పదో రోజు కూడా నా ప్రశ్నే. ఆ వారంలో గొంతు పెరుగుతుంది, గిన్నెలు పెరగవు. ఈ మాట ఎనిమిదో రోజున, చార్ట్ చూపించి మరీ, నింపాదిగా చెప్పాను. మానేశారు. ఆ మనిషే ఆ రెండు నెలలూ రాత్రి నేను నిద్రపోయేదాకా మెలకువగా ఉన్నారు, అదీ చెప్పాలి.

గాలి సోకిందని మా అమ్మ నమ్మకం. నా జబ్బ మీద తాయెత్తు కట్టింది, దుర్గమ్మకి మొక్కుకుంది. డాక్టరమ్మ తాయెత్తు చూసి "ఉండనివ్వండి, మందు మాత్రం మానొద్దు" అన్నారు. సెర్ట్రలిన్ రాశారు. డిప్రెషన్‌కి ఇలాంటి మందు పనిచేయడానికి వారాలు పడుతుందట, ఇక్కడ మాత్రం కొద్ది రోజుల్లోనే గుణం కనిపిస్తుంది, అందుకే నెలంతా కాకుండా పద్నాలుగో రోజు దాటాక మొదలుపెట్టి డేట్ వచ్చేదాకా వేసుకోవడం కొందరికి సరిపోతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ పెరుగుతుంది. దాని నుంచి తయారయ్యే ఒక పదార్థం మామూలుగా మెదడును శాంతపరచాలి, నాలాంటి వాళ్లలో ఆ మార్పుకి మెదడు తిరగబడుతుంది, మందు అక్కడ సర్దుతుంది అని నాకు అర్థమయ్యేలా చెప్పారు. మొదటి రెండు రోజులు వికారం, అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గింది. ఇంకో బిడ్డ కావాలనుకుంటే ముందే చెప్పమన్నారు. నా మందు పేరు చూసి ఎవరూ కొనుక్కోకండి, చార్ట్ మాత్రం ఈ డేట్ నుంచే మొదలుపెట్టొచ్చు. దానికి ఎవరి సంతకం అక్కర్లేదు.

మొక్కు తీర్చుకోవడానికి శ్రావణంలో అమ్మతో కొండెక్కాను. అది సరిగ్గా ఆ వారమే. అమ్మవారి వల్లో, మాత్ర వల్లో అని అమ్మతో వాదించలేదు, క్యూలో మూడు గంటలు నిలబడ్డాను. ఆ రాత్రి కోపం గడిలో 2 వేశాను. పొట్ట ఉబ్బరం మాత్రం 4 నుంచి దిగనంటోంది. ఈసారి వెళ్లినప్పుడు దాని సంగతి అడగాలి.