అర ఓము కథ

మంగళవారం. ఉదయం ఎనిమిదికే రేణిగుంట రోడ్డు మీద ఎండ చురుక్కుమంటోంది. కొండ వైపు చూడాలంటే చెయ్యి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. వర్క్‌షాపు తలుపు తీసేసరికి బల్ల మీద ఒక అట్టపెట్టె కనిపించింది. చిత్తూరు దగ్గరి పాల శీతల కేంద్రం నుంచి తిరిగొచ్చిన బోర్డు. పైన అంటించిన చీటీలో ఒకే వాక్యం: "లైటు వేస్తే డిగ్రీలు గెంతుతున్నాయి."

ఆ వాక్యం రాసిన మనిషికి చేతులెత్తి మొక్కాలి. చాలామంది "పని చేయడం లేదు" అని రాసి పంపేస్తారు. ఈయన మాత్రం ఏం చేస్తే ఏం జరుగుతోందో రాశాడు. నిజంగానే, డిస్‌ప్లే వెనుక లైటు ఆపి ఉంచితే పాల ఉష్ణోగ్రత 4 డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడింది. లైటు వేయగానే అంకె 3కీ 5కీ మధ్య తిరగడం మొదలుపెట్టింది.

బోర్డు సప్లై మీద మల్టీమీటరు పెడితే 3.30 వోల్టులు, తూచినట్టు. అక్కడే గంట పోగొట్టుకున్నాను. సప్లై బాగుందని నమ్మి సెన్సరు మార్చాను, దాని తీగ మార్చాను, లైటును తిట్టుకున్నాను. డీసీ రేంజిలో మల్టీమీటరు సగటు చెబుతుందని, సగటు వెనుక ఏదైనా దాక్కోవచ్చని నాకు తెలియని విషయమా? తెలిసినా పది గంటల దాకా ఆసిలోస్కోపు వైపు వెళ్లలేదు. బద్ధకం, ఇంకేమీ కాదు.

స్కోపు పెట్టేసరికి గుట్టు బయటపడింది. 3.3 వోల్టుల గీత మీద సుమారు 60 కిలోహెర్ట్జ్‌ల అల, శిఖరం నుంచి లోయ దాకా 200 మిల్లీవోల్టులు. లైటు ఆపితే మాయం, వేస్తే ప్రత్యక్షం. లైటు తాగేది 80 మిల్లీఆంపులే. సెన్సరు తీగకు ఫిల్టరు ఉంది కాబట్టి అది ఈ అలను పట్టించుకోదు. కొలిచే చిప్‌కు మాత్రం ఈ 3.3 వోల్టులే కొలబద్ద. కొలబద్దే ఊగుతుంటే అంకె గెంతక ఏం చేస్తుంది?

అప్పుడు ఇంకో తెలివితక్కువ పని చేశాను. అలజడిగా ఉంటే కెపాసిటరు పెంచమన్న పాత అలవాటు కొద్దీ, ఆ 3.3 వోల్టులను నిలకడగా ఇవ్వాల్సిన రెగ్యులేటరు అవుట్‌పుట్ దగ్గర 22 మైక్రోఫారడ్ల సిరామిక్ ఒకటి అదనంగా అతికించాను. అల పోలేదు. 60 నుంచి 35 కిలోహెర్ట్జ్‌ల దగ్గరికి దిగింది, అంతే. బయటి నుంచి వచ్చే రొద అయితే కెపాసిటరు పెంచినప్పుడు చిన్నబడాలి. దాని వేగమే మారిందంటే ఊగుతున్నది రెగ్యులేటరు తనను తాను దిద్దుకునే లూపే.

పాత బోర్డు ఒకటి బీరువాలోంచి తీసి పక్కన పెట్టాను. రెండింటిలోనూ అదే ఎల్ఎం1117 రెగ్యులేటరు, అవుట్‌పుట్‌లో అదే 10 మైక్రోఫారడ్లు. కానీ పాతదాని మీద పసుపు రంగు టాంటలం, కొత్తదాని మీద గోధుమ రంగు సిరామిక్.

"టాంటలం దొరకలేదమ్మా, విలువ అదే కదా అని ఇది వేశాము," అన్నాడు సోల్డరింగ్ బల్ల దగ్గరి అన్న. ఆయన తప్పేమీ లేదు. పార్టుల జాబితాలో 10 మైక్రోఫారడ్లని రాసి ఊరుకున్నది నేను. కెపాసిటరు లోపల సహజంగా ఉండే నిరోధం, అంటే ఈఎస్ఆర్, ఎంత ఉండాలో రాయలేదు. ఎల్ఎం1117 డేటాషీటు అది 0.3 నుంచి 22 ఓముల మధ్య ఉండాలంటుంది. ఎల్‌సీఆర్ మీటరు మీద ఆ టాంటలం ఒకటిన్నర ఓములు చూపింది. సిరామిక్ 5 మిల్లీఓములు. కొనేటప్పుడు మనం మెచ్చుకునే గుణమే ఇక్కడ దోషమైంది.

"నిరోధం తక్కువుంటే మంచిదే కదమ్మా?" అని అన్న అడిగాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర పెరుగన్నం కలుపుతూ చెప్పాను. రెగ్యులేటరు తన అవుట్‌పుట్ చూసుకుంటూ ఎప్పటికప్పుడు దిద్దుకుంటుంది. దాని లోపలి దశలు ఒక్కొక్కటీ కొంత ఆలస్యం చేస్తాయి. దానికి తోడు స్వచ్ఛమైన కెపాసిటరు మీది వోల్టేజీ కరెంటు వెంట పావు చుట్టు వెనకబడి వస్తుంది, కొట్లో సరుకు చేరాకే లెక్క పెరిగినట్టు. ఆలస్యాలన్నీ కలిసి అర చుట్టు అయ్యాయంటే తగ్గించాల్సిన చోట పెంచడం, పెంచాల్సిన చోట తగ్గించడం జరుగుతుంది. ఉయ్యాలను ఆపాలని చెయ్యి పెట్టి, సరిగ్గా వెళ్లేటప్పుడే తోసినట్టు.

నిరోధం మీది వోల్టేజీకి ఈ ఆలస్యం లేదు. కరెంటు మారిన క్షణానే అదీ మారుతుంది. కెపాసిటరుకు వరసలో ఉన్న ఆ చిన్న ఓము లూపుకు వార్త ముందుగా చేరవేస్తుందన్న మాట. ఏ పౌనఃపున్యం నుంచి ఈ ముందస్తు వార్తకు బలం వస్తుందో చెప్పే సూత్రం ఇది:

```
f = 1 / (2πRC)
```

10 మైక్రోఫారడ్లకు 5 మిల్లీఓములు వేసి లెక్కిస్తే 3.2 మెగాహెర్ట్జ్ వస్తుంది. మన ఊగిసలాట 60 కిలోహెర్ట్జ్ దగ్గర. ఆ వార్త అక్కడికి చేరేదెప్పుడు? పూర్తి చుట్టును 360 డిగ్రీలనుకుంటే, ఆలస్యంలో తగ్గేది ఒక్క డిగ్రీ, అంతే. అదే 0.47 ఓములైతే 34 కిలోహెర్ట్జ్. అప్పుడు 60 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 60 డిగ్రీల ఆలస్యం తగ్గుతుంది.

"అయితే పది ఓములు పెడితే ఇంకా మంచిదా?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. నిరోధం మరీ పెరిగితే వార్త బిగ్గరగా మారి, లూపు బలం తగ్గవలసిన చోట తగ్గదు. ఇంకా పై పౌనఃపున్యాల దాకా వెళ్లి, అక్కడ లోపలి ఆలస్యాలకు దొరికిపోతుంది. అందుకే డేటాషీటులో కింది హద్దుతో పాటు పై హద్దు కూడా ఉంటుంది. ఆ లోగా ఇంకో నష్టముంది: లైటు వేసిన క్షణాన 80 మిల్లీఆంపుల గెంతుకు పది ఓముల మీద 800 మిల్లీవోల్టులు పడిపోతాయి. 0.47 మీద 38 మాత్రమే.

అదనంగా అతికించిన 22 మైక్రోఫారడ్లను తీసేసి, అసలు సిరామిక్‌ను ఒక చివర లేపి నిలబెట్టి, ఆ సందులో 0.47 ఓముల రెసిస్టరు అతికించమన్నాను. అన్న చేతులు ఎప్పటిలాగే వణకలేదు. లైటు వేశాను. గీత గీతలా ఉంది. నమ్మకం కోసం లైటును పదిసార్లు వేసి ఆపుతూ స్కోపులో చూశాను. కుదుపు ఒకసారి కిందికి వంగి, కొద్దిగా పైకి లేచి, వెంటనే కుదుటపడింది. అల మీద అల మోగుతూ పోయి ఉంటే, ఇప్పుడు ఊగకపోయినా రేపు ఊగుతుందని అర్థం. చిప్‌ల పక్కన ఉన్న 0.1 మైక్రోఫారడ్ సిరామిక్‌లను అలాగే వదిలేశాను. అంత చిన్నవి ఈ లెక్కను చెడగొట్టవు.

కొత్తగా వచ్చే కొన్ని ఎల్‌డీవో రెగ్యులేటర్లను సిరామిక్‌తోనే నిలకడగా ఉండేలా తయారు చేస్తున్నారు. వాటికి ఈ తంటా లేదు. కానీ వాటిలో కొన్ని ఎల్ఎం1117 కాళ్ల వరసకు కుదరవు, వాటికైతే ఈ బోర్డు మళ్లీ గీయాలి; కుదిరేవాటినైనా తెప్పించి పరీక్షించాలి. ఈ నెలలో కాదు.

సాయంత్రం పార్టుల జాబితా తెరిచి, ఆ 10 మైక్రోఫారడ్ల వరసలో ఎర్ర రంగుతో "ఈఎస్ఆర్ 0.3 నుంచి 22 ఓముల మధ్య ఉన్న టాంటలం, లేదా సిరామిక్ + 0.47 ఓములు, ఇంకేదీ వద్దు" అని చేర్చాను. తర్వాత ఇదే బ్యాచ్‌లో ఇంకెన్ని బోర్డులు పోయాయో లెక్క చూస్తే నలభై ఒకటి. రేపు ఉదయం ఒక్కొక్క కేంద్రానికీ ఫోను చేయాలి. లైటు ఆపి వాడుకోమని చెప్పడం తేలికే, రాత్రి పాలు తెచ్చేవాళ్లు అంకె ఎలా చూస్తారో మాత్రం ఇంకా తోచలేదు.