స్లాబు దగ్గర అంటే ఏ దగ్గర?

పదకొండున్నరైంది. ఈయన గుర్రు పెడుతున్నారు. నా బుర్రలో మాత్రం ఇంకా ముప్పై వేలే తిరుగుతున్నాయి.

మా ఇల్లు కట్టే కాంట్రాక్టరు మొదట 42 లక్షలన్నాడు, బేరమాడితే 40కి ఒప్పుకున్నాడు. అగ్రిమెంటు మళ్లీ టైపు చేయించుకొచ్చాడు. వాయిదాల టేబుల్లో శాతాలు కూడితే సరిగ్గా వంద. కింద మొత్తం 40,00,000 అనే ఉంది. ఎందుకో రూపాయల గళ్లు ఒక్కొక్కటీ కూడితే 40,30,000 వచ్చింది. ప్లాస్టరింగు 15 శాతానికి 6,00,000 ఉండాల్సింది, పాత ధరవి 6,30,000 అలాగే ఉండిపోయాయి. కింద మొత్తమేమో చేత్తో కొట్టింది. ఫోన్ చేస్తే, "అక్కా, మన మధ్య పేపరేంటి" అన్నాడు. తోటికోడలి తమ్ముడు కాబట్టి ఊరుకున్నా గానీ, ఒళ్లు మండింది.

అంతకంటే పెద్దది ఇంకోటుంది. షరతుల్లో "స్లాబు కాంక్రీటు పోశాక 25 శాతం" అని ఉంది. టేబుల్లో అదే వాయిదాకి "స్లాబు సెంట్రింగ్ అయ్యాక" అని ఉంది. పది లక్షలు! సెంట్రింగ్‌కీ కాంక్రీటుకీ మధ్య కడ్డీ కట్టాలి, కరెంటు పైపులు వెయ్యాలి. మొత్తాలు కూడితే ఇలాంటిది దొరకదు, ఒక్కో వరసా దాని షరతు పక్కన పెట్టి చదవాల్సిందే.

1994లో నాన్న రూళ్ల పుస్తకంలో రాసుకున్నారు: "స్లాబు దగ్గర పాతిక వేలు." సెంట్రింగ్ చెక్కలు బిగించిన రోజే మేస్త్రి వచ్చి చెయ్యి చాపాడు. నాన్న ఇచ్చేశారు. కడ్డీ సగం కట్టి ఇంకో పనికి వెళ్లిపోయాడు, నెలన్నర కనబడలేదు. వానలు పట్టుకున్నాయి. చెక్కలు ఉబ్బిపోయాయి. సందుల్లోంచి తుప్పునీళ్లు కింద ఇసుక మీద ఎర్రగా చుక్కలు పడేవి, నేను వేలితో రాసుకునేదాన్ని. "స్లాబు దగ్గర అంటే ఏ దగ్గరండీ?" అని అమ్మ అడిగితే నాన్న దగ్గర జవాబు లేదు.

ఈ కాంట్రాక్టరు మోసగాడేనని సాయంత్రం దాకా గట్టిగా అనుకున్నా. తర్వాత తేదీలు చూశా. షరతుల్లో "భూమిపూజ నుంచి పది నెలలు". టేబుల్లో తేదీలు సంతకం రోజు నుంచి లెక్కేసినవి. సంతకం ఆషాఢానికి ముందే, పూజేమో శ్రావణంలో. అంటే టేబుల్ ప్రకారం ఆలస్యానికి వారం వారం కోత అతని మీద నెల ముందే మొదలవుతుంది. ఇది నాకు లాభం. మోసం చేసేవాడు ఇలా తనకే గొయ్యి తవ్వుకోడు కదా, ఎవరిదో పాత ఫైలు దిద్ది తెచ్చుంటాడు.

దీని సంగతి చెప్పకూడదనే అనుకున్నా, నిజం చెప్పాలంటే. గంటసేపు. కానీ రేపు తేదీ దగ్గర టేబుల్ పట్టుకుంటే, స్లాబు దగ్గర అతనూ టేబులే పట్టుకుంటాడు.

ఇప్పుడే మూడూ కలిపి మెసేజ్ పెట్టేశా: ప్లాస్టరింగు 6,00,000, స్లాబు వాయిదా కాంక్రీటు పోసిన ఏడో రోజున, తేదీలన్నీ భూమిపూజ నుంచి. వెంటనే నీలం టిక్కులు పడ్డాయి. ఇతనికీ నిద్ర పట్టట్లేదన్నమాట.