"యూరియాకు బదులు" అన్న మాట కొట్టేశాక: నా మొదటి వీడియో రాత

నాది ఎరువుల దుకాణం. కంపోస్టులో వేప పిండి కలిపి తయారు చేసిన కొత్త సేంద్రియ ఎరువు ఒకటి దుకాణానికి వచ్చింది. విత్తనాల రోజుల్లో బల్ల ముందు పదిమంది నిలబడి ఉంటే ఒక్కొక్కరికీ దాని గురించి వివరంగా చెప్పడం కుదరదు. అందుకే ఒక చిన్న వీడియో చేసి రైతుల ఫోన్లకు పంపాలనుకున్నాను. అప్పటిదాకా నేను వీడియో కోసం ఒక్క వాక్యం కూడా రాసినవాణ్ణి కాదు.

మొదటి రాత గంటలో అయిపోయింది. కంపెనీ ఇచ్చిన కరపత్రం ముందు పెట్టుకున్నాను కాబట్టి అంత తొందరగా అయింది. రెండు పేజీలు వచ్చాయి. మొదటి సగం పేజీ నమస్కారాలకు, మా దుకాణం ఎన్నేళ్లుగా ఉందో చెప్పడానికి పోయింది. తర్వాత "నేలకు బలం", "పంటకు ఆరోగ్యం", "యూరియాకు బదులు వాడదగిన ఎరువు" అన్న మాటలు వరుసగా వచ్చాయి. చదువుకుంటే బాగానే ఉందనిపించింది.

మరునాడు మా దగ్గర చాలా కాలంగా ఎరువులు తీసుకునే ఒక పెద్దాయనకు దాన్ని వినిపించాను. నేను ఆయన్ని మామయ్యా అని పిలుస్తాను. ఆయన చివరిదాకా విని ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "అంటే ఒక బస్తా యూరియా మానేసి, ఇది ఒక బస్తా వేస్తే సరిపోతుందా అబ్బాయ్?"

నేను అవుననలేకపోయాను. ఆ కరపత్రంలోని వాక్యం వింటే ఏ రైతుకైనా అదే అర్థమవుతుంది. అలా అర్థం చేసుకుని యూరియా మానేస్తే పైరు పచ్చదనం తగ్గి పాలిపోతుంది, ఆ నష్టానికి కారణం నా మాటే అవుతుంది. ఆ రోజు మధ్యాహ్నం కాగితం తీసుకుని లెక్క వేశాను.

యూరియాలో నత్రజని 46 శాతం. అంటే 50 కిలోల యూరియాలో 23 కిలోల నత్రజని ఉంటుంది. కొత్త ఎరువు బస్తా మీద నత్రజని 2 శాతమని ఉంది. బస్తా 50 కిలోలు కాబట్టి నత్రజని ఒక కిలో. ఇక్కడికే రెండింటి మధ్య 23 రెట్ల తేడా తేలింది. దాన్ని దాచి "బదులు" అన్న మాట ఎలా వాడతాను?

అంతటితో ఆగలేదు. బస్తా అడుగు భాగంలో సన్నటి అక్షరాల్లో "పొడి బరువు లెక్కన" అని ఉంది. రోజూ బస్తాలు అమ్మే నేనే దాన్ని అంతకుముందు చూడలేదు. పొడి బరువు అంటే తేమ అంతా తీసేశాక మిగిలే బరువు. ఎరువులో తేమ ఎంతుందో తెలియకుండా ఆ 2 శాతం బస్తాలో ఎంత ఉందో చెప్పలేం. కంపెనీ ప్రతినిధికి ఫోను చేశాను. కరపత్రంలో ఉన్నదే చదవమని ఆయన అన్నారు. సరే, నేనే చూసుకుందామని బస్తా మధ్యలోంచి సరిగ్గా 100 గ్రాములు తూచి, వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి ఎండలో పెట్టాను. గాలికి పొడి ఎగిరిపోకుండా పైన పలచటి గుడ్డ కట్టాను. సాయంత్రం కాగానే లోపలికి తెచ్చి తూచేవాణ్ణి. వరుసగా రెండు రోజులు బరువు మారకుండా నిలిచేసరికి తూకం 80 గ్రాములు చూపించింది. ఎండకు పోని తేమ ఇంకా కొంత ఉంటుంది కాబట్టి ఐదో వంతుకు తక్కువ కాకుండా నీళ్లే అన్నమాట. కంపోస్టుకు ఆ మాత్రం తేమ ఉండడం తప్పు కాదు. మరీ ఎండిపోతే అందులోని సూక్ష్మజీవులు దెబ్బతింటాయి, పొలంలో చల్లితే గాలికి లేచిపోతుంది. కానీ లెక్కలో మాత్రం 50 కిలోల బస్తాలో 40 కిలోలే ఎరువు. అందులో 2 శాతం అంటే 800 గ్రాముల నత్రజని. 50 కిలోల యూరియాలోని 23 కిలోలకు సరితూగాలంటే దాదాపు 29 బస్తాలు కావాలి.

ఆ 29 బస్తాలు వేసినా మొదటి పంటకే ఆ నత్రజని అంతా అందదు. యూరియా నేలలో కొద్ది రోజుల్లోనే పైరు తీసుకోగల రూపంలోకి మారుతుంది. కంపోస్టులోని నత్రజని సేంద్రియ పదార్థంలో ఇమిడి ఉంటుంది. సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెడుతున్న కొద్దీ కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. బాగా మాగిన కంపోస్టు నుంచి మొదటి పంటకు అందేది అందులోని నత్రజనిలో చిన్న భాగమే. వేప పిండి కొంత తొందరగా ఇస్తుంది. మిగిలింది తర్వాతి పంటలకు పనికొస్తుంది. కరపత్రం ఎకరానికి నాలుగు బస్తాలు వేయమంటోంది. అంటే మొత్తం నత్రజని 3.2 కిలోలు. అందులో ఈ పంటకు ఎంత దక్కుతుందో ఎవరైనా ఊహించుకోవచ్చు.

అప్పుడు నాకు కొంత దిగులేసింది. ఈ ఎరువు గురించి వీడియో చేయడమే తప్పా అనిపించింది. నాలుగు బస్తాలు మాగిన పశువుల ఎరువుకు కూడా బదులు కావు. పశువుల ఎరువు టన్నుల్లో వేస్తాం, ఇది 200 కిలోలు. కానీ అదే 200 కిలోలను ఎకరమంతా వెదజల్లకుండా మొక్క వేరు ఉండేచోటే వేస్తే సంగతి మారుతుంది. కూరగాయల నారు నాటే గుంతల్లో, నారుమడిలో, విత్తనం పడే సాలులో వేస్తే లేత వేరు చుట్టూ ఉన్న కాస్త మట్టి గుల్లబారుతుంది, పదును ఎక్కువసేపు నిలుస్తుంది. దీని ఉపయోగం అక్కడుంది. ఆ ఒక్క సంగతి స్పష్టంగా చెప్పాలని తేల్చుకున్నాక రెండు పేజీల రాత పక్కన పెట్టి కొత్తగా మొదలుపెట్టాను.

అయితే లేత వేరు దగ్గర వేయమని చెప్పేముందు ఇంకో సందేహం తీర్చుకోవాలి. సగం మాగిన కంపోస్టు వేరు దగ్గర పడితే మేలుకు బదులు కీడు చేస్తుంది. కుళ్లడం ఇంకా పూర్తి కాలేదు కాబట్టి సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తమకే లాక్కుంటాయి, మొక్క పసుపుబారుతుంది. అందులోంచి వచ్చే అమోనియా, ఆమ్లాలు మొలకను మాడ్చేస్తాయి. దీన్ని చూడడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక వంతు ఎరువు పది వంతుల నీళ్లలో కలిపి, గంటసేపు ఉంచి, గుడ్డలో వడకట్టాను. రెండు పళ్లేలలో గుడ్డ పరిచి ఒక దాన్ని ఆ నీటితో, రెండో దాన్ని మామూలు నీటితో తడిపి, ఒక్కొక్కదాంట్లో ఇరవై పెసలు వేశాను. మూడో రోజు మామూలు నీళ్లలో పంతొమ్మిది, ఎరువు నీళ్లలో పద్దెనిమిది మొలిచాయి. మొలకలు లెక్కపెడితే చాలదు, వేరు పొడవు కూడా చూడాలి. ఎరువు చెడ్డదైతే గింజ పగులుతుంది గానీ వేరు కురచగా, గోధుమ రంగు కొనతో ఆగిపోతుంది. నా రెండు పళ్లేలలోనూ వేళ్లు తెల్లగా, దాదాపు సమానంగా ఉన్నాయి. తడి ఎరువును మూడు రోజులు సంచిలో మూతి బిగించి ఉంచి విప్పితే ఘాటైన వాసన కూడా రాలేదు. అప్పుడు నమ్మకం కుదిరింది. ఇది ఆ బస్తా వరకే చెప్పిన మాట. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా మళ్లీ చూడాల్సిందే.

రెండోసారి రాసినప్పుడు నమస్కారం ఒక్క మాటకు తగ్గింది. దుకాణం చరిత్ర పూర్తిగా పోయింది. చేతిలో ఎరువు పట్టుకుని ఇలా మొదలుపెట్టాను: "ఈ బస్తా యూరియాకు బదులు కాదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను. యాభై కిలోల యూరియాలో ఉన్న నత్రజని దీంట్లోంచి రావాలంటే ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది బస్తాలు పోయాలి. మరి ఇది ఎందుకు? నారు నాటే గుంతలో వేయడానికి." ఇది విని మా తమ్ముడు కంగారుపడ్డాడు. "అన్నయ్యా, మొదటి మాటే కాదు అంటే ఎవరు కొంటారు?" అన్నాడు. కొన్నవాళ్లు మళ్లీ రావాలి కదా అన్నాను, అది నా నిజమైన అభిప్రాయం.

రాసింది గట్టిగా చదివితే గానీ తెలియని తప్పులు కొన్ని ఉన్నాయి. "సేంద్రియ పదార్థంలో ఇమిడి ఉన్న నత్రజని క్రమేణా విడుదలవుతుంది" అన్న వాక్యం కాగితం మీద బాగుంది, నోట్లో మాత్రం తిరగలేదు. దాన్ని "దీని బలం ఒక్కసారిగా రాదు, నెమ్మదిగా వస్తుంది" అని మార్చాను. ఒక్క ఊపిరిలో చెప్పలేని ప్రతి వాక్యాన్నీ రెండుగా విరగ్గొట్టాను. గడియారం పెట్టుకుని చదివితే మొదటి రాత ఏడు నిమిషాలు పట్టింది, రెండోది మూడు నిమిషాల లోపే ముగిసింది. భాస్వరం, పొటాష్ అంకెలు మాటల్లో చెప్పడం మానేసి, బస్తా మీది అంకెలు దగ్గరగా చూపిద్దామనుకున్నాను. అంకెలు వింటే గుర్తుండవు, కనిపిస్తే ఆపి చదువుకుంటారు.

ఎలా వేయాలో చెప్పే భాగం మీద ఎక్కువ పని పట్టింది. "తగినంత వేయండి" అని రాసుకున్నాను. మామయ్య మళ్లీ అడిగారు, తగినంత అంటే ఎంత అని. పిడికెడు అందామంటే ఒక్కొక్కరి పిడికిలి ఒక్కో రకం. నా పిడికెడు మూడుసార్లు తూచాను: సుమారు 60, 70, 65 గ్రాములు. కెమెరా ముందు ఆ పిడికెడును తక్కెడలో పోసి అంకె చూపించి, "గుంతకు ఇంత, మట్టితో బాగా కలిపి, ఆ తర్వాతే నారు" అని రాశాను. మట్టితో కలపమన్న మాట మర్చిపోకూడదు. గుంత అడుగున ముద్దగా పోసి దాని మీదే మొక్క పెడితే వేరు నేరుగా దాంట్లోకి దిగుతుంది. ఇంకో మాట కూడా చేర్చాను: నేలలో పదును లేకపోతే ఇది అలాగే పడి ఉంటుంది, నీళ్లు పెట్టగలిగిన రోజే వేయండి అని. యూరియా ఎంత వేయాలో మాత్రం మట్టి పరీక్ష చూసే నిర్ణయించుకోమన్నాను, దాన్ని తగ్గించమని నేను చెప్పలేదు.

చిత్రీకరణ ఒక ఉదయంలో అయిపోయింది. పెసల పళ్లేలు రెండూ పక్కపక్కన పెట్టి తీసిన ముక్క మిగతా అన్నింటికన్నా బాగా వచ్చింది, అక్కడ నేను ఏమీ మాట్లాడలేదు.

చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. "దిగుబడి పెరుగుతుంది" అని రాసి, కొట్టేశాను. నేను ఇంకా చూడలేదు కాబట్టి ఆ మాట అనే హక్కు లేదు. అప్పుడు మామయ్యే దారి చూపించారు. టమాటా నాటబోయే మడిలో రెండు సాళ్లకు ఈ ఎరువు వేసి, పక్కనే రెండు సాళ్లు వేయకుండా వదిలేస్తానన్నారు. నీళ్లు, యూరియా, మందు అన్నీ నాలుగింటికీ ఒకేలా. వాటి చివర గుర్తుగా కర్రలు పాతాం. ఒక కర్రకు ఎర్ర గుడ్డ, ఇంకో కర్రకు తెల్ల గుడ్డ కట్టాం. వీడియో చివర ఆ కర్రల దగ్గర నిలబడి ఇలా అన్నాను: "కాయ కోసిన రోజు ఈ సాళ్లు విడివిడిగా తూచి, రెండు అంకెలూ మీకే చూపిస్తాను."