డ్రిల్లు మాస్టారి రూళ్ల పుస్తకం

సంచిక కమిటీ వారు ఫోను చేసి, హాకీ జట్టు గురించి ఎవరో ఒకరు రాయాలి కదా, ఆడినవాళ్లెవరూ కలం పట్టరు కాబట్టి నువ్వే రాయి అన్నారు. మాట నిజమే. 2001 బ్యాచ్ జట్టులో నేను పదిహేడో వాణ్ణి, పదహారు మందికే జెర్సీలు వచ్చాయన్న సంగతి మీకందరికీ తెలుసు. చింతచెట్టు ఉదంతం, బస్సులో పులిహోర ఉదంతం రాసే హక్కు గోల్‌కీపరుకే ఉంది కనుక వాటి జోలికి పోను. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి నాకు పెద్దగా గుర్తు లేవు. గుర్తున్నదల్లా ఆ ఏడాది వర్షాలు వెనకబట్టిన తరవాత డ్రిల్లు మాస్టారు నా చేతిలో పెట్టిన రూళ్ల పుస్తకం.

మాస్టారు అందులో ప్రతి పేజీకీ మైదానం గీయించారు. పొడవునా రెండు నిలువు గీతలు గీస్తే ఎడమ, మధ్య, కుడి దారులు ఏర్పడ్డాయి. అడ్డంగా సెంటర్ లైను, రెండు వైపులా ఇరవై అయిదు గజాల గీతలు ఎలాగూ ఉన్నవే కాబట్టి మొత్తం పన్నెండు గడులయ్యాయి. నేను చూడవలసింది ఒక్కటే: మనవాళ్లు బంతిని ప్రత్యర్థి గోల్ ముందు అర్ధచంద్రంలా గీసిన 'డి'లోకి ఏ దారిన తీసుకుపోయారు, ఆ తరవాత ఏమైంది. షాట్ కొడితే సున్న, పెనాల్టీ కార్నర్ వస్తే త్రికోణం, బంతి పోతే అడ్డగీత, గోలైతే సున్నలో చుక్క. పాసులన్నీ లెక్కపెడతానని నేను ఉత్సాహపడితే, "అన్నీ రాసేవాడు ఏదీ చూడడురా" అని మాస్టారు ఆపేశారు.

మొదటి మ్యాచులో నేనూ, మన పంతులూ విడివిడిగా కూర్చుని రాశాం. 'డి'లోకి ప్రవేశాలు నా లెక్కలో పదిహేడు, వాడి లెక్కలో పన్నెండు. మాస్టారు కోప్పడలేదు, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ప్రవేశమంటే ఏమిటో చెప్పమన్నారు. ఎవరూ అందుకోకుండా బంతి దొర్లుకుంటూ 'డి'లోకి పోయినా నేను గీత పెట్టాను, వాడు పెట్టలేదు. 'డి' లోపల మన ఆటగాడి స్టిక్‌కు బంతి తగిలితేనే ప్రవేశమని ఆ సాయంత్రం నిర్ణయమైంది. తరవాతి మ్యాచులో నావి పద్నాలుగు, వాడివి పదమూడు. తేడా వచ్చిన ఆ ఒక్కటీ, తల వంచి రాస్తున్నప్పుడు వాడు చూడలేకపోయినది. అందుకని ఆపైన ఒకడు ఆట మీద నుంచి కన్ను తీయకుండా చెప్పడం, రెండోవాడు రాయడం మొదలుపెట్టాం. అయినా మన సెంటర్ ఫార్వర్డ్ గోల్ కొట్టినప్పుడు ఇద్దరమూ లేచి గంతులేసిన మూడు నిమిషాలు ఆ పుస్తకంలో ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి.

లెక్క కుదిరిన తరవాతి మూడు మ్యాచుల మొత్తం తీసినప్పుడు, కుడి దారి, ఎడమ దారి దాదాపు సమానంగా వచ్చాయి. దాన్ని మాస్టారికి గర్వంగా చూపించాను. పక్కనే ఉన్న మన రైట్ అవుట్ చూసి, "మూడో మ్యాచు రెండో సగంలో ఇన్నిసార్లు ఎడమ నుంచి పోయామా? బంతంతా నా దగ్గరే కదరా ఉంది" అన్నాడు. విరామం తరవాత జట్లు వైపులు మారతాయి. నేను మాత్రం పేజీ తిప్పకుండా, చెట్టు కింద నాకు ఎటు కనబడితే అటే గీతలు పెట్టాను. ఆ సగమంతా కుడి ఎడమగా, ఎడమ కుడిగా పడింది. అప్పటి నుంచి ప్రతి పేజీ నెత్తిన, దాడి ఎప్పుడూ పైకే అని బాణం గుర్తు వేయించారు.

సరిదిద్దాక తేలినది ఇది. కుడి నుంచి ఇరవై నాలుగు ప్రవేశాలు, వాటిలో నాలుగు షాట్లు. మధ్య, ఎడమ కలిపి తొమ్మిది ప్రవేశాలు, వాటిలో అయిదు షాట్లు. అప్పటిదాకా బడి అంతా, మనమూ, ఫార్వర్డ్‌లకు కొట్టడం చేతకాదని తిట్టుకునేవాళ్లం. నిజానికి వాళ్లకు కొట్టే చోటికి బంతే అందడం లేదు.

కుడివైపు మోజుకు కారణం స్టిక్‌లోనే ఉంది. హాకీ స్టిక్‌లో బల్లపరుపు ముఖం ఒకవైపే, ఎడమచేతివాటం వాడికైనా వేరే స్టిక్ ఉండదు. కుడి గీత వెంట పరుగెత్తేవాడికి బంతి సహజంగా కుడి చేతి పక్కన ఉంటుంది, ఎదురుగా ఆపవలసిన లెఫ్ట్ బ్యాక్ రివర్స్ స్టిక్‌తో తడుముకోవాలి, పైగా అక్కడి నుంచి లోపలికి క్రాస్ కొట్టడం తేలిక. అది అందరికీ తెలిసిన తేలిక కాబట్టే ప్రత్యర్థులు అక్కడే నలుగురై మూగేవారు; మన రైట్ అవుట్ మూలకు చేరేసరికి క్రాస్ ఎవరి కాలికో, స్టిక్‌కో తగిలి ఆగేది.

అయితే ఇకపై ఎడమ నుంచే పోదాం అన్నాను నేను. మాస్టారు చెప్పిన జవాబు నా ఉద్యోగంలో ఈనాటికీ పనికొస్తోంది. ఆ తొమ్మిదీ ఎప్పుడు జరిగాయో చూడమన్నారు. ప్రతి గుర్తు పక్కనా నిమిషం రాసి ఉంది కనుక, పంతులు జ్ఞాపకం తోడు తీసుకుని వెతికితే, వాటిలో ఎక్కువ భాగం, బంతి మొదట కుడివైపు వెళ్లి, అక్కడ దారి మూసుకుపోయి వెనక్కి వచ్చాక జరిగినవే. ప్రత్యర్థి అంతా కుడికి ఒరిగి ఉన్నాడు కనుకే ఎడమ ఖాళీ అయింది. ఎప్పుడూ ఎడమకే పోతే ఆ మూక అటే వస్తుంది. మూడు మ్యాచుల లెక్క కొంచెమేనని, దాన్ని ఒక అనుమానంగానే పట్టుకుని సాధనలో పరీక్షించాలని కూడా ఆయన అన్నారు.

అలా పుట్టినదే మీరంతా తిట్టుకున్న 'వెనక్కి కొట్టు' సాధన. ఆరుగురు దాడికి, అయిదుగురు అడ్డుకోవడానికి. కుడి మూలకు చేరిన బంతి సెంటర్ హాఫ్‌కు తిరిగి వచ్చి, అక్కడి నుంచి రెండు తాకుళ్లలో లెఫ్ట్ ఇన్‌కు అందితేనే 'డి'లోకి పోవాలి. మొదటి వారం ఆ వెనక్కి ఇచ్చే పాసే అవతలివాళ్లకు చిక్కేది, ఎందుకంటే సెంటర్ హాఫ్ తొందరపడి ముందుకు దూరిపోయేవాడు. పది గజాలు వెనక నిలబడమని సున్నంతో గీత గీస్తే తప్ప కుదరలేదు.

సెమీఫైనల్లో మన ప్రవేశాలు పదకొండే, షాట్లు మాత్రం ఆరు, గోల్స్ రెండు. అయినా 3–2తో ఓడాం. వాళ్ల మూడింటిలో రెండు పెనాల్టీ కార్నర్ల మీద వచ్చినవే. మనం ఏ గడిలో, ఎవరి కాలికి బంతి తగిలించుకుని కార్నర్లు ఇచ్చుకుంటున్నామో నా పుస్తకంలో లేనే లేదు. మన దాడి చూసినంత శ్రద్ధగా మన 'డి' వైపు ఎవరూ చూడలేదు. బస్సులో మాస్టారు ఆ పుస్తకం అడిగి తీసుకుని, చివరి అట్ట మీద మన 'డి' బొమ్మ ఒక్కటి గీసి తిరిగి ఇచ్చారు. ఇంకేమీ అనలేదు.

ప్రస్తుతం నేను ఆడిటరును. పెద్ద కర్మాగారాల లెక్కలే చూస్తాను, ఇద్దరు మనుషులు ఒకే సరుకును విడివిడిగా లెక్కపెట్టి చూపితే తప్ప సంతకం పెట్టనని నాకు పేరుంది. ఆదివారాలు మా కాలనీ పక్క బడిలో ఆడపిల్లల జట్టుకు పుస్తకం పడుతున్నాను; అందులో రెండు 'డి'లూ ఉన్నాయి.

జట్టు ఫోటో పంపమని కమిటీ అడిగింది. ఫోటో తీసినప్పుడు నేను గీతలు పెట్టుకుంటున్నాను కాబట్టి అందులో లేను. బదులుగా ఆ మూడు నిమిషాల ఖాళీ ఉన్న పేజీని పంపుతున్నాను. అచ్చు వేసేవారికి ఒక్క మనవి: బాణం పైకి ఉండాలి.