వెనక్కి తిరిగి చూసే ఆ అబ్బాయి

నిన్న మా కజిన్స్ వాట్సాప్ గ్రూపులో మీమ్ పెట్టాను. పక్కన ప్రియురాలు ఉండగానే దారినపోయే అమ్మాయిని వెనక్కి తిరిగి చూసే అబ్బాయి ఫొటో. అబ్బాయి మీద ‘నేను’, ప్రియురాలి మీద ‘డైట్’, ఆ అమ్మాయి మీద ‘పునుగులు’ అని రాశాను. ఇంటర్ చదివే తమ్ముడు వెంటనే, ‘అక్కా, వీళ్లకి ఈపాటికి పెళ్లిళ్లయి పిల్లలు కూడా పుట్టుంటారే’ అన్నాడు.

నిజమే. స్పెయిన్ ఫొటోగ్రాఫర్ ఆంటోనియో గిల్లెమ్ 2015లో తీసిన ఈ స్టాక్ ఫొటో 2017 ఆగస్టులో ప్రపంచమంతా తిరిగింది. అప్పట్లో ఎవరి మీద ఏం రాశారా అని ఆత్రంగా చూసేవాళ్లం. ఇప్పుడు ఒక పేరు చదివితే చాలు, మిగతా రెండూ తెలిసిపోతాయి. టెంప్లేట్ పాతబడిందనడానికి నేను నమ్మే గుర్తు ఇదే. షాపులవాళ్లు ఆఫర్లకి వాడుతున్నారంటే ఇక ఖాయం.

బ్రహ్మానందం గారి ముఖాలు ఎన్నేళ్లయినా పాతబడవెందుకంటే వాటిలో ఉన్నది ఒక భావం, ఏ మాటకైనా అతుకుతుంది. ఈ ఫొటోలో జోకు ముందే కట్టేసి ఉంది.

తమ్ముడి మాట నన్ను నొప్పించలేదు. చెప్పిన జోకే చెప్పే మావయ్యని ఆటపట్టిస్తాం చూడండి, అలాంటిది. ఒకప్పుడు మనమూ దానికి నవ్వాం కాబట్టే ఆ చనువు.

సాయంత్రం అదే పునుగుల జోకు బ్రహ్మానందం గారి ముఖంతో పెట్టాను. ముందు నవ్వింది వాడే.